ఉంగరం మనదేనని ఏ కాగితం చెబుతుంది?

ఉంగరం పోయిందని ఇన్సూరెన్సు కంపెనీకి ఉత్తరం రాయాల్సి వస్తే మనలో ఎంతమంది రాయగలం? పోయినందుకు ఏడవగలం, దొంగను శాపనార్థాలు పెట్టగలం. కానీ "ఆ ఉంగరం మీదేననడానికి ఆధారం ఏమిటి?" అని కంపెనీ ఒక్క ముక్క అడిగితే మాత్రం నోరు పెగలదు. "ఇరవయ్యేళ్లుగా నా వేలికే ఉంది, ఊరంతా చూసింది" అంటాం. ఊరు చూసిన మాట నిజమే. ఊరు సంతకం పెట్టదు కదా!

కంపెనీ అలా అడగడం అన్యాయమని నేను అనను. వాళ్లు ఆ ఉంగరాన్ని ఎన్నడూ చూడలేదు. అది ఎంత తూకమో, ఎన్ని క్యారెట్లదో, అసలు ఉండేదో లేదో వాళ్లకెలా తెలుస్తుంది? నా బాధల్లా ఒకటే. మన బంగారం గురించి రాసిన కాగితాలు ఇంట్లో లేకపోలేదు. అవి ఎక్కడెక్కడో, ఎవరెవరి పేర్ల మీదో, వేరే పనికోసం రాసినవై ఉంటాయి. వాటన్నిటినీ వెతికి, ఒకదానికొకటి ముడివేసి, "ఇదిగో, ఈ ఉంగరం ఇదే" అని చూపించడమే ఆ ఉత్తరం పని. ఇది నాకు తెలిసింది మా కాలనీలో ఒకక్క ఉంగరం పోయినప్పుడు.

మా అనంతపురం సంగతి మీకు తెలియంది కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల. ఆ కాస్తా అదునుకు పడితే వేరుశనగ, పడకపోతే అప్పు. జూన్ వచ్చిందంటే విత్తనం కాయలు కొనాలి. అందుకోసం ఆడవాళ్ల ఒంటిమీది బంగారం బ్యాంకులో కుదవకు పోతుంది. పంట చేతికొస్తే సంక్రాంతి ముందో తర్వాతో విడిపిస్తారు, లేకపోతే వడ్డీ కట్టి తిరగరాస్తారు. కొన్ని ఇళ్లలో నగలు మనిషి దగ్గరకంటే బ్యాంకు లాకర్లోనే ఎక్కువ కాలం కాపురం చేశాయి.

అక్క కథా అంతే. 2023 జూన్‌లో విత్తనం వేయడానికని భార్యాభర్తలిద్దరూ ఊరికి పోయి రెండు రోజులు ఉన్నారు. గాజులు, గొలుసు అప్పటికే బ్యాంకులో ఉన్నాయి. ఒక్క కెంపు ఉంగరం మాత్రం, చేలో పనికి అడ్డమని తీసి, వంటింట్లో బిస్కెట్ల డబ్బాలో పెట్టిపోయింది. తిరిగొచ్చేసరికి పెరటి తలుపు గడియ ఊడి ఉంది, డబ్బా ఖాళీ. "కరువు పుణ్యమా అని మిగతావి మిగిలినాయి చెల్లీ" అని నవ్విందామె, కళ్లల్లో నీళ్లతో.

ఇంటి అప్పు తీసుకున్నప్పుడు వాళ్లు సామానుకూ నగలకూ దొంగతనం జరిగితే పరిహారం ఇచ్చే పాలసీ ఒకటి తీసుకున్నారు. నగల కింద మొత్తం రెండు లక్షలు అని ఉంది, ఏ నగ అన్నది రాసి లేదు. పాలసీ బావగారి పేరు మీద. ఆయన పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి, కంపెనీకి ఒక ఉత్తరం పంపారు. "మా ఇంట్లో బంగారు ఉంగరం పోయినది, దయతో నష్టపరిహారం ఇప్పించగలరు." అంతే! పది రోజులకు జవాబొచ్చింది. బలవంతంగా లోపలికి వచ్చారనడానికి రుజువేది? ఉంగరం మీదేననడానికి రుజువేది? ఎఫ్ఐఆర్‌లో "అర తులం" అని ఉంది, తూకం ఎంతో స్పష్టం చేయండి. ఈ మూడు ప్రశ్నలు.

అక్క ఆ కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చింది. "కథలు రాస్తావు కదమ్మా, ఈ ఉత్తరమొకటి రాసిపెట్టు. మీ బావ రాసిండేదానికి వాళ్లు ఇట్ల తిప్పి కొట్టినారు." కథలో లేనిది కల్పించొచ్చు, ఇందులో ఉన్నది కూడా రుజువుంటేనే రాయాలి అన్నాను.

మొదటి ప్రశ్న తేలికైంది. బావగారు ఆ ఊడిన గడియను పారేయకుండా గూట్లో పెట్టారు, వాళ్లబ్బాయి కొత్తది బిగించేముందు తలుపును ఫోన్లో ఫోటో తీశాడు. ఇది చిన్న సంగతి కాదు. ఇలాంటి పాలసీల్లో దొంగతనం అంటే తాళమో గడియో తలుపో పగలగొట్టి, బలప్రయోగంతో జరిగిందే అని రాసి ఉంటుంది. 2004లో సుప్రీంకోర్టు ఒక వ్యాపారి కేసులో ఇదే చెప్పింది. పాలసీలో ఆ మాట ఉన్నప్పుడు, బలప్రయోగం లేకుండా సరుకు పోతే కంపెనీ ఇవ్వక్కర్లేదని తీర్పిచ్చింది. పూలకుండీ కింద తాళంచెవి పెట్టిపోయి, దాంతోనే ఎవరో తీసుకుని వచ్చి ఉంటే అక్క ఉత్తరం అక్కడితో ఆగిపోయేది. కాబట్టి తలుపు పగిలితే వెంటనే బాగుచేయించుకోవాలనే తొందర మనకు సహజమే అయినా, ముందు పోలీసులు చూడాలి, ఫోటో తీయాలి.

రెండో ప్రశ్న దగ్గరే వారం పట్టింది. ఆ ఉంగరం అక్క పెళ్లికి, 1999లో, వాళ్లమ్మ తన పాత గాజు ఒకటి కరిగించి ఊళ్లో ఆచారి చేత చేయించింది. కొన్నది కాదు, బిల్లు ఎక్కడినుంచి వస్తుంది? ఆచారి కాలం చేశాడు. ఆయన లెక్కల పుస్తకం ఏమైందో కొడుక్కి తెలియదు. ఈ లోపల ఒక పెద్దమనిషి సలహా ఇచ్చాడు. "తెలిసిన షాపులో పాత తేదీ వేయించి బిల్లు రాయించుకుంటే పోలా?" అని.

ఆ పని మాత్రం వద్దక్కా అన్నాను. నీతి సంగతి అటుంచండి, అది దొరికిపోయే అబద్ధం. షాపుల బిల్లు పుస్తకాల మీద ఇప్పుడు జీఎస్టీ నంబరు అచ్చై ఉంటుంది. జీఎస్టీ వచ్చిందే 2017 జూలై 1న. 2010 తేదీ వేసిన బిల్లు మీద ఆ నంబరుంటే సర్వేయరు మొదటి చూపులోనే పట్టుకుంటాడు. నగ మీద చెక్కే ఆరక్షరాల హాల్‌మార్క్ సంఖ్య, అదే హెచ్‌యూఐడీ, 2021 నుంచే ఉంది. పాత ఉంగరానికి ఆ సంఖ్య వేసిన బిల్లు చూపించినా అంతే. దొంగ కాగితం ఒక్కటి ఇచ్చారని తేలితే మిగతా నిజాలన్నీ కొట్టుకుపోతాయి, క్లెయిము మొత్తం తిరస్కరించే షరతు పాలసీలోనే ఉంటుంది.

మరి బిల్లు లేకుండా ఎలా? అక్కను కూచోబెట్టి ఆ ఉంగరం పుట్టినప్పటినుంచీ ఎవరెవరి చేతుల్లోకి పోయిందో చెప్పమన్నాను. "యాడికి పోతుందమ్మా, నా వేలికి లేకపోతే బ్యాంకుకు" అంది. అక్కడే దారి దొరికింది.

బంగారం కుదవ పెట్టినప్పుడు బ్యాంకు అప్రైజరు ప్రతిదాన్నీ తూస్తాడు. మొత్తం తూకం ఎంత, రాయికి ఎంత తీసేయాలి, నికరం ఎంత, ఎన్ని క్యారెట్లు అన్నది రాస్తాడు. మనకు ఒక చీటీ ఇస్తారు గానీ విడిపించుకునేటప్పుడు అది వెనక్కి తీసుకుంటారు. అందుకే మన దగ్గర ఏమీ మిగలదు. కానీ బ్యాంకు దగ్గర మిగులుతుంది. అక్క, బావగారు ఇద్దరూ సంతకం చేసి మేనేజరుకు అర్జీ ఇస్తే, నాలుగు రోజులకు పాత అప్పుల వివరాలు ముద్రవేసి ఇచ్చారు. ఆరు సార్లు కుదవకు పోయిందట ఆ ఉంగరం! అందులో నాలుగుసార్లు "ఉంగరాలు 2, గాజులు 4" అని అన్నీ కలిపి ఒకే తూకం రాశారు. అవి మనకు పనికిరావు. రెండుసార్లు మాత్రం "కెంపు ఉంగరం 1" అని విడిగా ఉంది. 2012లో మొత్తం 6.200 గ్రాములు, రాయికి 0.400 పోగా నికరం 5.800. 2021లో మొత్తం 6.330, నికరం 5.930. రెండూ 22 క్యారెట్లే.

చూశారా, తూకం పెరిగింది! బంగారం అరిగితే తగ్గుతుంది గానీ పెరగదు కదా. అలాగే పంపిస్తే కంపెనీ వాళ్లు "ఇవి రెండు వేర్వేరు ఉంగరాలు" అనేవాళ్లే. అక్క ఆలోచించి ఆలోచించి, "వేలికి బిగుతైతే పెద్దది చేయించినా కదా" అంది. 2016లో టౌన్లో ఒక షాపులో చేయించింది. ఆ చీటీ కరెంటు బిల్లుల మధ్య దొరికింది. రాకముందు 6.200, కలిపింది 0.150, అయినాక 6.350. అయిదేళ్లలో ఇరవై మిల్లీగ్రాములు అరిగి 6.330 అయింది. ఒక చిన్న చీటీతో రెండు బ్యాంకు కాగితాలూ ఒకే ఉంగరం గురించి మాట్లాడటం మొదలుపెట్టాయి. మరమ్మతు చీటీలు చిత్తుకాగితాలని పారేసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇక బొమ్మ. పెళ్లి ఆల్బంలో తలంబ్రాల ఫోటోలో అక్క కుడిచెయ్యి స్పష్టంగా ఉంది. దాన్ని పెద్దది చేయిస్తే కోలగా ఉన్న కెంపు, చుట్టూ తీగ పని కనిపించాయి. 2022లో కూతురి ఓణీల ఫంక్షన్‌లో తీసిన ఫోటోలోనూ అదే చెయ్యి, అదే కెంపు. మొదటిది ఉంగరం ఎప్పటినుంచి ఉందో చెబుతుంది, రెండోది దొంగతనానికి కాస్త ముందు వరకూ ఉందని చెబుతుంది. ఫోటో తూకం చెప్పదు. బ్యాంకు కాగితం ఎవరి వేలిదో చెప్పదు. రెండూ కలిస్తేనే పూర్తి సాక్ష్యం.

మూడో ప్రశ్న "అర తులం". బావగారు ఫిర్యాదులో నోటికొచ్చినట్టు రాసింది. మన షాపుల్లో తులం అంటే పది గ్రాములు, అర తులం అంటే అయిదు. పాత లెక్కలో తులం పదకొండున్నర గ్రాములు దాటుతుంది, అర తులం ఆరుకు దగ్గర పడుతుంది. ఏ లెక్కలో రాశారో ఆయనకే తెలియదు. స్టేషన్‌కు మళ్లీ వెళ్లి, బ్యాంకు కాగితం జతచేసి, తూకం ఇదని లిఖితపూర్వకంగా ఇచ్చి, రసీదు తెచ్చుకున్నారు. ఎఫ్ఐఆర్ ప్రతి ఉచితంగా ఇవ్వాలి కాబట్టి, తీసుకునేటప్పుడే చదువుకుని తప్పుంటే అప్పుడే చెప్పడం మేలు.

చివరికి ఉత్తరం ఇలా తయారైంది. తెలుగులో రాసుకుని ఇంగ్లీషులోకి నేనే మార్చాను. నంబర్లు, పేర్లు తీసేసి ఇక్కడ ఇస్తున్నాను.

"అయ్యా, మా పాలసీ కింద ఇచ్చిన క్లెయిము గురించి మీరు అడిగిన వివరాలు ఇవి. 2023 జూన్‌లో మేము రెండు రాత్రులు ఊళ్లో లేనప్పుడు పెరటి తలుపు గడియ పెకలించి లోపలికి వచ్చి ఒక ఉంగరం తీసుకుపోయారు. ఊడిన గడియ మా దగ్గర ఉంది, మీ సర్వేయరుకు చూపగలం. తలుపు ఫోటోలు జతచేశాం. పోయినది 22 క్యారెట్ల ఉంగరం, కోల కెంపు ఒకటి, మొత్తం 6.330 గ్రాములు, బంగారం నికరం 5.930 గ్రాములు. ఇది నా భార్యది. ఆమెకు 1999లో పెళ్లప్పుడు ఆమె తల్లి చేయించి ఇచ్చింది. పాత బంగారం కరిగించి చేయించినందున కొనుగోలు బిల్లు లేదు. దానికి బదులు జతచేసినవి: 2012, 2021 సంవత్సరాల బ్యాంకు తూకం వివరాలు, 2016లో ఉంగరం పెద్దది చేయించిన చీటీ, 1999, 2022 ఫోటోలు, ఉంగరం తానే ఇచ్చానని నా అత్తగారు సంతకం చేసిన వాంగ్మూలం. 2012కూ 2021కీ మధ్య తూకం పెరగడానికి కారణం 2016 చీటీలో ఉంది. ఎఫ్ఐఆర్‌లో అర తులం అన్నది అంచనా మాత్రమే, సవరణ ప్రతి జతచేశాం. ఉంగరం తర్వాత దొరికితే మీకు వెంటనే తెలియజేస్తాం. జతచేసినవన్నీ నకళ్లు, అసలువి ఎప్పుడు అడిగినా చూపుతాం."

కింద బావగారి సంతకం, పక్కన అక్క సంతకం. పాలసీ ఆయనది కాబట్టి ఆయన సంతకం తప్పదు. సొమ్ము ఆమెది కాబట్టి ఆమె సంతకం కూడా ఉండాలని నేను పట్టుబట్టాను. "నాదెందుకులే చెల్లీ, మీ బావది సాలదా?" అంది అక్క. చాలదక్కా అన్నాను. పుట్టింటివాళ్లు పెళ్లిలో ఇచ్చింది భార్య సొంత ఆస్తి, భర్త దగ్గర ఉన్నా అది ఆమెదేనని 1985లోనే ప్రతిభారాణి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మన ఉంగరం మీద అప్పు ఆయన పేర, పాలసీ ఆయన పేర, ఫిర్యాదు ఆయన పేర. ఆమె పేరు కనిపించేది పెళ్లి ఫోటోలో ఒక్కచోటే, అదీ శుభలేఖ అంటించిన పేజీలో! ఇదేం చోద్యం?

అదే ఏడాది, 1985లో, వరకట్న నిషేధ చట్టం కింద కొన్ని నిబంధనలు వచ్చాయి. పెళ్లిలో వధువుకు వచ్చిన కానుకల జాబితా వధువే రాసి ఉంచుకోవాలి. వస్తువు ఏమిటి, ఉరామరికగా విలువెంత, ఎవరిచ్చారు, వాళ్లేమవుతారు అన్నవి రాసి వధూవరులిద్దరూ సంతకం చేయాలి. ఎంతమంది ఇళ్లలో ఉంది ఆ జాబితా? చదివింపులు మాత్రం పైసలతో సహా రాసుకుంటాం. అక్కకు ఆ ఒక్క కాగితం ఉండి ఉంటే వారం రోజుల వెతుకులాట సగం తగ్గేది. ఆమె కూతురికి సంబంధాలు చూస్తున్నారిప్పుడు, ఈ మాట ఇద్దరికీ చెప్పాను.

తర్వాత సర్వేయరొచ్చాడు. గడియను చేతిలోకి తీసుకుని చూశాడు, చెక్కమీది గీతలు చూశాడు, బ్యాంకు కాగితాల అసలువి చదివాడు. పోలీసులు దొంగా సొత్తూ దొరకలేదని తుది నివేదిక ఇచ్చేదాకా కంపెనీ ఆగింది, అది తెచ్చుకోవడానికి బావగారు స్టేషన్‌కు తిరిగిన తిరుగుడు వేరే కథ. చివరికి నికరం 5.930 గ్రాములకు, పోయిన రోజు ధర ప్రకారం ఇచ్చారు. కెంపుకు ఇవ్వలేదు, దాని విలువకు ఆధారం లేదు కాబట్టి. తరుగు, మజూరీ కూడా ఇవ్వలేదు, ఆ పాలసీలో బంగారం విలువే రాసి ఉంది.

మీ ఇంట్లోనూ ఇంటి అప్పుతో వచ్చిన పాలసీ ఉందా? ఉందని ధీమాగా ఉండకండి, ఒకసారి తీసి చదవండి. 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని కంపెనీలూ అమ్ముతున్న 'భారత్ గృహ రక్ష' అనే పాలసీ అగ్నిప్రమాదం, వరద లాంటి వాటికోసం ఉద్దేశించింది. అలాంటి ప్రమాదం జరిగాక ఏడు రోజుల్లోపు, దాని కారణంగా జరిగిన దొంగతనానికే దాంట్లో పరిహారం. మామూలుగా గడియ విరిచి దోచుకుపోతే దొంగతనానికి విడిగా తీసుకున్న భాగం ఉండాలి. నగలు కూడా వాటంతట అవి అందులో చేరవు, కోరి చేర్పించుకోవాలి. నగల మొత్తం అయిదు లక్షలకు మించకుండా, ఒక్కొక్క నగ లక్షకు మించకుండా ఉంటే విలువ సర్టిఫికెట్ అడగరు. సర్టిఫికెట్ అక్కర్లేదన్నారు కదా అని మనం తూకం రాసుకోవడం మానేస్తే, పోయిన రోజున మళ్లీ అక్క పరిస్థితే.

కొత్త నగలకు హాల్‌మార్క్ ఉంది కదా అంటారేమో. ఉంది, మంచిదే. బిల్లు మీద స్వచ్ఛత, నికర తూకం విడిగా రాయించుకోండి, హెచ్‌యూఐడీ సంఖ్యను పుస్తకంలో రాసుకోండి. కానీ ఆ సంఖ్య నగ స్వచ్ఛమైనదని చెబుతుందే తప్ప అది ఎవరిదో చెప్పదు. ఆ చెప్పేది బిల్లు మీది పేరు. షాపువాడు "పేరు చెప్పండి మేడం" అన్నప్పుడు అలవాటుగా మావారి పేరు చెప్పేస్తాం చూడండి, అక్కడ కాస్త ఆగండి. కుదవ పెట్టేవాళ్లకు ఇంకో కబురు. 2025 జూన్‌లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం బంగారం మీద అప్పిచ్చేవాళ్లు స్వచ్ఛత, మొత్తం తూకం, నికరం, నగ ఫోటోతో ఒక ధ్రువపత్రం అప్పు తీసుకున్నవాళ్లకు ఇవ్వాలి. 2026 ఏప్రిల్ 1 లోపు ఇది అమలు కావాలన్నారు. ఈసారి విత్తనాలకని వెళ్లినప్పుడు అడిగి తీసుకోండి, అప్పు తీర్చేశాక కూడా దాచండి.

అన్నీ పెట్టినా కంపెనీ కాదంటే? ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాదులోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ అదే. ఏడాది లోపు రాయాలి, ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

అక్క డబ్బు బావగారి ఖాతాలోకి వచ్చింది, పాలసీ ఆయనది కాబట్టి. ఆ సాయంత్రమే ఆమె అడిగి తన ఖాతాలోకి మార్పించుకుందట. నెల తిరక్కుండా పాలసీ కాగితాలు పట్టుకుని వచ్చింది. "ఈసారి దీనిమీద నా పేరు ఎట్ల ఎక్కించాలో చూడు చెల్లీ" అంది.